ముందు ఏ సీసా? – నీటి నమూనాల పరీక్షలో వరుస, నమోదు

కోలారు జిల్లాలో నీటి పరీక్ష అనగానే చాలామందికి ఫ్లోరైడే స్ఫురిస్తుంది. ఏడాది పొడవునా పారే నది లేని ఈ జిల్లాలో బోరుబావులు వెయ్యి అడుగులు దాటి లోతుకు వెళ్ళాయి. అంత లోతున రాతిపొరల మధ్య చిరకాలం నిలిచిన నీటిలో ఆ రాతిలోని ఫ్లోరైడు కరిగి చేరుతుంది. పిల్లల పళ్ళపై గోధుమరంగు మచ్చలు చూసిన ఊళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఈ పరిచయం వల్లనే ఒక పొరపాటు అభిప్రాయం కూడా స్థిరపడింది. సీసాలో నీళ్ళు పట్టి ఇస్తే చాలు, వచ్చిన వరుసలో పరీక్ష జరిగి కాగితం చేతికి వస్తుందని ప్రజలు భావిస్తారు. చౌకధరల దుకాణం ముందు నిలిచే వరుస ప్రయోగశాలలో చెల్లదు. ఎందుకు చెల్లదో, వరుస మార్చినప్పుడు ఆ మార్పుకు లెక్క ఎలా చెప్పాలో వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

నమూనా బల్లమీదికి వచ్చిన క్షణం నుంచి ల్యాబ్ టెక్నీషియన్ రెండు గడియారాలను చూడవలసి ఉంటుంది. ఒకటి ఆ నీరు తాగుతున్న మనుషులది. ఆ నీటిలో నిజంగానే దోషం ఉంటే ఎంత సేపట్లో ఎవరికి హాని కలుగుతుందో అది చెబుతుంది. రెండవది సీసాలోని నీటిది. నీరు సీసాలోకి చేరాక కూడా మారుతూనే ఉంటుంది. ఎంత సేపటి వరకు అది కొళాయి దగ్గరి నీటికి నిజమైన సాక్షిగా నిలుస్తుందో ఈ గడియారం చెబుతుంది. ఈ రెండూ ఒకే వేగంతో నడవవు. అందుకే వరుస నిర్ణయించడం కష్టమవుతుంది.

ఫ్లోరైడు విషయంలో రెండు గడియారాలూ నెమ్మదిగానే నడుస్తాయి. శుభ్రమైన పాలిథీన్ సీసాలో పట్టిన నీటిలో ఫ్లోరైడు 28 రోజుల వరకు మారదు. గాజు ఫ్లోరైడుతో కొంత కలిసిపోతుంది గనుక గాజుసీసా పనికిరాదు. ఏళ్ళ తరబడి తాగితేనే దాని హాని బయటపడుతుంది గనుక పరీక్ష మూడు రోజులు ఆలస్యమైనా ఫలితం మారదు, తాగేవారి స్థితీ మారదు. నైట్రేటు అలా కాదు. చల్లగా ఉంచినా 48 గంటలలోపు దాన్ని కొలవాలి, లేకపోతే నీటిలోని సూక్ష్మజీవులు దాన్ని మార్చివేస్తాయి. పోతపాలు తాగే ఆరు నెలలలోపు శిశువుకు నైట్రేటు ఎక్కువైన నీరు కొద్ది రోజులలోనే ప్రమాదం తెస్తుంది. రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గి, పెదవులు, గోళ్ళు నీలిరంగుకు తిరుగుతాయి.

అన్నిటికంటె వేగంగా నడిచేది సూక్ష్మజీవుల పరీక్ష గడియారం. నమూనాను మంచుపెట్టెలో పది డిగ్రీలకు దిగువన, గడ్డకట్టకుండా, తేవాలి. వీలైతే ఆరు గంటలలోను, ఎంత ఆలస్యమైనా 24 గంటలలోను పరీక్ష మొదలు కావాలి. దారిలో సీసా వేడెక్కితే సూక్ష్మజీవులు పెరిగి లేని భయం పుట్టించవచ్చు, చచ్చిపోయి ఉన్న భయాన్ని దాచనూవచ్చు. దీనికి తోడు, పురసభ నీటిలో క్లోరిన్ ఉంటుంది. మామూలు సీసాలో పట్టిన నీటిలో ఆ క్లోరిన్ దారి పొడవునా పనిచేస్తూ, కొళాయి దగ్గర బ్రతికి ఉన్న సూక్ష్మజీవులను కూడా చంపివేస్తుంది. అప్పుడు ప్రయోగశాల ‘నీరు శుభ్రం’ అని నిజాయితీగానే తప్పు చెబుతుంది. దీన్ని నివారించడానికి ఆవిరిపెట్టెలో శుద్ధి చేసిన సీసాలో ముందే కొద్దిగా సోడియం థయోసల్ఫేటు వేసి ఇస్తారు. అది క్లోరిన్‌ను వెంటనే విరిచివేస్తుంది. కనుక క్లోరిన్‌ను కొళాయి దగ్గరే కొలిచి చీటీమీద రాసుకోవాలి. ప్రయోగశాలకు వచ్చాక ఆ సీసాలో క్లోరిన్ కోసం ఎంత వెతికినా ప్రయోజనం ఉండదు.

ఈ సూత్రాలు ఆచరణలో ఎలా కలుస్తాయో, ఎక్కడ పరస్పరం అడ్డుపడతాయో తెలియడానికి ఒక ఉదయాన్ని ఉదాహరణగా కల్పించి చూడవచ్చు.

బంగారుపేట తాలూకాకు నీటి పరీక్షలు చేసే ఒక చిన్న ప్రయోగశాల. ఉదయం 8.50కి ఒక పెద్దమనిషి రెండు లీటర్ల డబ్బాతో వచ్చారు. కొత్తగా వేసిన బోరుబావికి మరునాడు పూజ ఉంది, అన్ని పరీక్షల ఫలితాలూ సాయంత్రానికల్లా కావాలని ఆయన కోరిక. 9.05కి ఒక గ్రామ పంచాయతీ నుంచి పాఠశాల బోరునీరు వచ్చింది. రెండు రోజుల క్రితం పాలిథీన్ సీసాలో పట్టినది, ఫ్లోరైడు పరీక్షకు. 9.10కి పురసభ నీటి సిబ్బందిలో ఒకరు మంచుపెట్టె తెచ్చారు. ఒక వీధిలో రెండు రోజులుగా అయిదారు ఇళ్ళలో వాంతులు, విరేచనాలు. ఆ వీధి మొదటి కొళాయి నుంచి ఒక సీసా, చివరి కొళాయి నుంచి మరొక సీసా ఉన్నాయి. 9.25కి ఒక ఆశా కార్యకర్త, మూడు నెలల బిడ్డకు పాలపొడి కలపడానికి వాడుతున్న బోరునీటిని ఆ ఉదయమే పట్టి తీసుకువచ్చింది.

నాలుగు అభ్యర్థనలూ వచ్చిన వరుసలోనే రాబడి పుస్తకంలోకి ఎక్కాయి. ఈ వరుసను ఎవరి కోసమూ, దేని కోసమూ మార్చకూడదు. ప్రతి సీసాకు ఒక సంఖ్య, వచ్చిన సమయం, తెచ్చినవారు, పట్టిన సమయం, సీసా రకం, మూత స్థితి, మంచుపెట్టెలోని ఉష్ణోగ్రత నమోదవుతాయి. వీధి సీసాలు ఏడు డిగ్రీల దగ్గర వచ్చాయి, అది సరిపోతుంది. పరీక్ష వరుస మాత్రం వేరొక గడిలో పడుతుంది, దాని పక్కనే కారణం కూడా. ‘అత్యవసరం’ అనే మాట కారణం కాదు. ‘వీధిలో విరేచనాలు, సూక్ష్మజీవుల పరీక్ష, 6.40కి పట్టినది’ అనేది కారణం. మొదటిది అభిప్రాయం మాత్రమే. రెండవదాన్ని మరొకరు చదివి సరిచూడగలరు.

వీధి సీసాలకు మొదటి స్థానం, బిడ్డ ఇంటి నీటికి రెండవ స్థానం దక్కాయి. పెద్దమనిషి డబ్బా మూడవది, పాఠశాల నీరు నాలుగవది. పాఠశాల నీరు చివరికి పోవడం కొందరికి అన్యాయంగా తోచవచ్చు. ఎక్కువమంది పిల్లలు తాగేది ఆ నీరే కదా! కాని ఆ సీసాకు ఇంకా 26 రోజుల గడువుంది. బోరుబావి డబ్బా విషయంలో టెక్నీషియన్ అభ్యర్థనను రెండుగా విడదీసింది. లవణాల పరీక్షకు ఆ నీరు పనికివస్తుంది. సూక్ష్మజీవుల పరీక్షకు ఏ మాత్రం పనికిరాదు, ఎందుకంటే ఆ డబ్బాలో ఇంతకుముందు ఏమున్నదో ఎవరికీ తెలియదు. ఆ భాగాన్ని తిరస్కరించి, కారణం రాసి, ఆయన చేతికి శుద్ధి చేసిన సీసా ఇచ్చింది. తిరస్కరించిన నమూనాను పుస్తకంలో ఎక్కించకుండా వదిలేయడం చాలాచోట్ల ఉన్న దురలవాటు. అలా వదిలేస్తే, ‘నా నీటిని పరీక్షించి బాగుందన్నారు’ అని రేపు ఎవరైనా చెప్పినప్పుడు కాదనడానికి ఆధారం మిగలదు.

వీధి సీసాలను పెట్టెలోంచి తీసినప్పుడు అసలు చిక్కు బయటపడింది. మంచు కరిగి చీటీలు తడిశాయి. పెన్ను సిరా చెదిరి, ఏది మొదటి కొళాయిదో, ఏది చివరిదో చదవడానికి వీలు లేకుండా పోయింది. విడిగా సంచిలో ఉంచిన క్షేత్రపు చీటీ మాత్రం పొడిగా ఉంది. దానిలో మొదటి కొళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.3 మిల్లీగ్రాములు, చివరి కొళాయి దగ్గర సున్న అని ఉంది. సీసాల్లో థయోసల్ఫేటు ఉన్నందున క్లోరిన్‌ను మళ్ళీ కొలిచి వాటిని విడదీసే దారి లేదు.

“మేడమ్, ఈ ఎర్రదారం కట్టినదే చివరి కొళాయిది, నాకు బాగా గుర్తుంది” అన్నాడు తెచ్చిన మనిషి.

ఆ మాటను ఆమె కొట్టివేయలేదు, అలాగని ఒప్పుకోనూ లేదు. సీసాలకు 41, 42 సంఖ్యలు వేసి, స్థలం గడిలో ‘నిర్ధారణ కాలేదు’ అని రాసి, రిమార్కు గడిలో ‘41 చివరి కొళాయిదని తెచ్చినవారు చెప్పారు, చీటీ చదవడానికి వీలు లేదు’ అని నమోదు చేసింది. ఒకరి జ్ఞాపకాన్ని జ్ఞాపకంగానే రాయాలి. దాన్ని స్థలం గడిలోకి ఎక్కిస్తే అది రుజువైన సంగతి వేషం వేసుకుంటుంది.

ఆ తరువాత ఆమె చేసిన పని సీసాలను తెరవకముందే ఫోను అందుకోవడం. సూక్ష్మజీవుల ఫలితం మరునాటికి గాని రాదు. కాని చీటీమీది సున్న అప్పటికే ఒక ఫలితం. కొళాయి చివర కనీసం 0.2 ఉండవలసిన క్లోరిన్ అదే వీధిలో 0.3 నుంచి సున్నకు పడిపోయిందంటే, మధ్యలో ఏదో దాన్ని తినివేస్తున్నదని అనుమానించవలసిందే. సరఫరా ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. మురుగుకాలువ దాటే చోట గొట్టానికి చీలిక ఉంటే బయటి నీరు లోపలికి పీల్చుకుపోతుంది. 9.20కి పురసభ ఇంజనీరుకు ఈ సంగతి తెలిపి, ఆ వీధివారు నీటిని కాచి తాగేలా చెప్పమని, రెండు కొళాయిల నుంచీ కొత్త నమూనాలు వెంటనే కావాలని కోరింది. ఎవరితో మాట్లాడినదీ, ఎన్ని గంటలకు, ఏమి చెప్పినదీ పుస్తకంలోకి వెళ్ళాయి. ఆ పూట సరఫరా మధ్యాహ్నం వరకు ఉన్నందున కొత్త సీసాలు పన్నెండింటికి అందాయి. ఈసారి సంఖ్యను చెరగని సిరాతో సీసా ఒంటిమీదే వేశారు. మూతమీద వేయలేదు, ఎందుకంటే రెండు మూతలు తారుమారు కావడానికి ఒక్క క్షణం చాలు. అవి 46, 47. మొదటి కొళాయి 46, చివరిది 47.

పరీక్ష విధానం చెప్పడానికి సులువే. నూరు మిల్లీలీటర్ల నీటిని 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న పలుచని తెల్లని పొర గుండా లాగుతారు. నీరు పోతుంది, సూక్ష్మజీవులు పొరమీద ఆగిపోతాయి. ఆ పొరను పోషకపదార్థం ఉన్న పళ్ళెంలో పరచి 36 డిగ్రీల పెట్టెలో 18 నుంచి 24 గంటలు ఉంచుతారు. మలమూత్రాలతో నీరు కలుషితమైందని తెలిపే ఈ.కోలై ఉంటే నీలిరంగు చుక్కలు మొలుస్తాయి. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం నూరు మిల్లీలీటర్లలో ఒక్క చుక్క కూడా ఉండకూడదు. మొదట, చివర శుద్ధజలాన్ని కూడా అదే పరికరంలో వడగట్టి చూస్తారు. ఆ పళ్ళాలమీద కూడా చుక్కలు వస్తే దోషం నీటిది కాకపోవచ్చు, పరికరానిదో చేతిదో కావచ్చు. అప్పుడు ఆ విడతలోని ఫలితాలన్నీ పక్కన పెట్టవలసిందే. ఏ పళ్ళెం ఏ విడతదో, ఆ పోషకపదార్థం ఏ రోజు తయారైనదో, పెట్టె ఉష్ణోగ్రత రాత్రి ఎంత ఉన్నదో రాసి ఉంచేది ఇందుకే. 41, 42ల పరీక్ష 9.50కి మొదలైంది. 46, 47లది 12.20కి.

ఈ మధ్యలో బిడ్డ ఇంటి నీటి పరీక్ష పూర్తయింది. పరికరం 15.2 చూపించింది. నైట్రేటుకు గరిష్ఠ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు గనుక పదిహేను చూసిన ఎవరైనా ఊపిరి పీల్చుకుంటారు. కాని ఆ పరికరం కొలిచేది నైట్రేటు మొత్తాన్ని కాదు, అందులోని నత్రజనిని మాత్రమే. దాన్ని నైట్రేటుగా మార్చడానికి 4.43తో గుణించాలి. అప్పుడది 67 అవుతుంది, పరిమితికి ఒకటిన్నర రెట్లు. సంఖ్య పక్కన ‘నత్రజనిగా’ అన్న ఒక్క మాట రాయకపోతే, ఆ పుటను రేపు చదివే మరొకరు నీరు భేషుగ్గా ఉందని నివేదిక పంపగలరు. ఆమె చదివిన అంకె, గుణకం, వచ్చిన ఫలితం మూడింటినీ విడివిడిగా రాసింది. 11.15కి ఆశా కార్యకర్తకు ఫోను చేసి, బిడ్డకు ఆ నీరు వాడవద్దనీ, కాచినా ప్రయోజనం లేదనీ చెప్పింది. కాచిన నీటిలో నీరు తగ్గుతుంది, నైట్రేటు తగ్గదు. పైగా చిక్కబడుతుంది. బిడ్డ పెదవులో గోళ్ళో నీలంగా కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలని కూడా చెప్పింది. వీధివారికి ‘కాచి తాగండి’, ఈ ఇంటివారికి ‘కాచవద్దు, నీటినే మార్చండి’. ఒకే ఉదయం ఒకే బల్లనుంచి వెళ్ళిన రెండు సలహాలు ఇలా ఎదురెదురుగా ఉంటాయి. అందుకే ఏ సలహా ఏ సంఖ్యకు చెందినదో రాయడం అంత ముఖ్యం.

మరునాటి ఉదయం 8.30కి పళ్ళాలు బయటికి వచ్చాయి. మొదటి విడతకు 22 గంటల 40 నిమిషాలు, రెండవ విడతకు 20 గంటల 10 నిమిషాలు. రెండూ గడువులోనే ఉన్నాయి. శుద్ధజలం పళ్ళాలు తెల్లగా ఉన్నాయి. 41 శుభ్రం. 42 మీద 18 నీలిచుక్కలు. 46 శుభ్రం. 47 మీద 23.

అంటే చివరి కొళాయి నీరే చెడింది. ఎర్రదారం కట్టిన 41వ సీసా చివరి కొళాయిదన్న జ్ఞాపకం ఈ ఫలితంతో పొసగడం లేదు. ఆ మనిషి అబద్ధమాడలేదు. తెల్లవారుజామున చలిలో రెండు ఒకేలాంటి సీసాలు పట్టినవారెవరికైనా అలా జరగవచ్చు. ఆ మాట నమ్మి స్థలం గడి నింపి ఉంటే, కలుషితమైన నీరు మొదటి కొళాయిదని నివేదిక వెళ్ళేది. సిబ్బంది వీధి మొదట్లో రోడ్డు తవ్వేవారు, చివరి ఇళ్ళవారు అదే నీరు మరి రెండు రోజులు తాగేవారు. ఇప్పుడు నివేదిక 46, 47ల ఆధారంగా వెళ్ళింది. చివరి కొళాయి వైపు గొట్టం మురుగుకాలువను దాటే చోటు నుంచే వెతుకులాట మొదలైంది. 41, 42 పుస్తకంలోనే ఉన్నాయి, ‘పరీక్ష జరిగింది, స్థలం నిర్ధారణ కాలేదు’ అన్న మాటతో. ఫలితం తెలిసిపోయింది కదా అని ఇప్పుడు ఆ గడిని నింపడం కూడా తప్పే. ఏదైనా దిద్దవలసి వస్తే పాత రాత కనిపించేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం, తేదీ, సమయం వేయాలి. తెల్లసిరా పూసిన పుట ఏ విచారణలోనూ నిలవదు.

ఈ ఫలితాలకు ఉన్న హద్దులనూ పాఠకులు గమనించాలి. 18 కంటె 23 ఎక్కువ ప్రమాదమని అర్థం కాదు. ఆ స్వల్పభేదం ఒకే కొళాయి నుంచి రెండుసార్లు పట్టినా వస్తుంది. ఈ.కోలై కనిపించిందంటే మురుగు చేరిందని తెలుస్తుంది గాని, వీధివారి జబ్బు ఏ క్రిమి వల్ల వచ్చినదో ఈ పళ్ళెం చెప్పదు. అది ఆసుపత్రి పరీక్ష తేల్చవలసిన విషయం. అలాగే 46 శుభ్రమంటే, ఆ రోజు ఆ సమయంలో ఆ కొళాయిలో పట్టిన నూరు మిల్లీలీటర్లు శుభ్రమని మాత్రమే.

స్థలం పేరు బదులు సంఖ్యకే ఇంత పట్టు ఎందుకన్న ప్రశ్న ఈ ప్రాంతంలో తరచుగా వినిపిస్తుంది. సమాధానం ఊరి పేరులోనే ఉంది. నేటి బంగారుపేట పాత కాగితాలలో బౌరింగ్‌పేట. ఒకే వీధిని ఒక ఇంట్లో తెలుగులో, పక్కింట్లో కన్నడంలో, ఎదురింట్లో తమిళంలో, మరోచోట ఉర్దూలో వేర్వేరుగా పిలుస్తారు. బంగారు గనుల వైపు వెళితే రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఛాంపియన్ రీఫ్ వంటి పేర్లు ఒక్కొక్కరి చేతిలో ఒక్కో విధంగా రాతకెక్కుతాయి. పట్టినవారు ఒకరు, రాసుకున్నవారు మరొకరు, నివేదిక టైపు చేసినవారు ఇంకొకరు అయినప్పుడు, పేరు మూడు చోట్ల మూడు రూపాలు దాల్చినా సంఖ్య ఒక్కటిగానే ఉంటుంది. స్థలం పేరు కూడా రాయవలసిందే, దగ్గరలోని గుడో బడో, ఇంటి సంఖ్యో జోడించి.

బోరుబావి పెద్దమనిషికి ఆ సాయంత్రం లవణాల ఫలితాలు మాత్రమే అందాయి. సూక్ష్మజీవుల పరీక్షకు ఆయన మూడవ రోజు ఉదయం, ప్రయోగశాల ఇచ్చిన సీసాలో, మంచుతో సహా నీరు తెచ్చారు. అది కొత్త సంఖ్యతో కొత్త వరుసలో నమోదైంది.

పాఠశాల నీటి పరీక్ష అదే రోజున మరికొన్ని ఫ్లోరైడు నమూనాలతో కలిపి జరిగింది. ఆ పద్ధతిలో ఎర్రని రంగుద్రావణం ఫ్లోరైడు పెరిగేకొద్దీ వెలిసిపోతుంది. లీటరుకు 1.4 మిల్లీగ్రాములు దాటితే కొలత నమ్మదగినది కాదు. పాఠశాల నీరు ఆ హద్దు దాటినందున దానికి సమానంగా శుద్ధజలం కలిపి మళ్ళీ కొలిచారు. పరికరం 1.1 చూపింది. పుస్తకంలో 1.1 పక్కన ‘రెండు రెట్లు పలుచన’ అనీ, దాని తరువాత 2.2 అనీ ఉంది. ప్రత్యామ్నాయం లేనప్పుడు సహించదగిన గరిష్ఠ పరిమితి 1.5. నీరు పట్టిన రోజుకు, కొలిచిన రోజుకు మధ్య నాలుగు రోజుల తేడా ఉందని కూడా నివేదికలో కనిపిస్తుంది, దాని కింద ఆలస్యానికి కారణం: ‘28 రోజుల గడువులోపలే, అత్యవసర నమూనాల తరువాత’.